ఒకరు ఇంటికొచ్చే వేళకి ఇంకొకరు డ్యూటీలో ఉంటే: ఇద్దరూ కలిసే టైము ఎలా చేసుకోవాలి

ఆయనది గచ్చిబౌలిలో యూఎస్ షిఫ్టు, సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజామున 3:30 దాకా. ఆమెది నాంపల్లిలో బ్యాంకు ఉద్యోగం. ఇల్లు కేపీహెచ్‌బీలో. ఏడేళ్ల పాప ఉంది, ఆయన తల్లి కూడా వాళ్లతోనే ఉంటుంది. నాకు దగ్గరివాళ్లే కానీ పేర్లు అక్కర్లేదు, హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఇలాంటి జంట ఒకటి దొరుకుతుంది.

ఆయన క్యాబ్ దిగి లిఫ్ట్ ఎక్కేసరికి 4:15. ఐదింటికి పడుకుంటే లేచేది పన్నెండున్నరకి. ఆమె ఆరింటికి లేచి, పాపని 7:40కి స్కూల్ బస్సెక్కించి, 8:45కి మెట్రోకి బయల్దేరుతుంది. తిరిగొచ్చేది రాత్రి ఏడింటికి. ఆయన క్యాబ్ 5:30కే వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. స్కూలు నుంచి వచ్చాక పాపకి నాన్న దొరుకుతాడు, రాత్రికి అమ్మ దొరుకుతుంది. ఆయన తల్లికి కొడుకూ కోడలూ ఇద్దరూ కనిపిస్తారు. వాళ్లిద్దరే ఒకరికొకరు కనిపించరు. పనిరోజుల్లో ఇద్దరూ ఇంట్లో ఉండి, ఇద్దరూ మెలకువగా ఉన్న టైము లెక్కేస్తే సున్నా.

ఇక్కడ చాలామంది "టైము దొరికినప్పుడు మాట్లాడుకుందాం" అనుకుంటారు. ఈ లెక్కలో అది దొరకదు. ఎవరో ఒకరి నిద్రలోంచో, పనిలోంచో కాస్త కోసుకుని చేసుకోవాలి. దాన్ని ఎక్కడ కొయ్యాలి, ఎంత కొయ్యాలి, కోశాక అది ఇంటి పనులకి పోకుండా ఎలా చూసుకోవాలి అన్నదే ఇక్కడ చెప్పబోయేది.

ముందు ఒక కాగితం మీద వారం గీయండి

పాప నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చాలు. అడ్డంగా 24 గంటలు, నిలువుగా ఏడు రోజులు. ఒక్కో రోజుకి రెండు వరసలు, ఒకటి మీది, ఒకటి మీవారిది లేదా మీ ఆవిడది. నిద్ర, డ్యూటీ, ప్రయాణం, ఇంటిపని నింపండి. అనుకున్న టైములు కాదు, పోయిన వారం నిజంగా జరిగినవి రాయండి. ఆయన ఐదింటికి పడుకుంటానని చెప్పినా ఫోన్ చూస్తూ ఆరు దాకా మేలుకునే ఉంటే, ఆ గంట కాగితం మీదకి రావాలి. ఆమె తొమ్మిదిన్నరకి పాపని పడుకోబెట్టాక పదకొండు దాకా సీరియల్ చూస్తే అదీ రావాలి. ఎవర్నీ తప్పుపట్టడానికి కాదు. కలిసే టైము తరచూ అక్కడే దాక్కుని ఉంటుంది కాబట్టి.

ఇప్పుడు మూడు రకాల గళ్లు వెతకండి. ఇద్దరూ ఇంట్లో ఉండి మేలుకుని ఉన్నవి. ఇద్దరూ ఇంట్లో ఉన్నా ఒకరు నిద్రలో ఉన్నవి. ఒకరు బయట ఉన్నా ఇద్దరూ మేలుకుని, ఫోన్ ఎత్తగలిగేవి. పై జంటకి మొదటి రకం పనిరోజుల్లో ఒక్కటీ లేదు. రెండో రకం తెల్లవారుజామునా ఉదయమూ కలిపి మూడున్నర గంటలుంది. మూడో రకం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఉంది, ఆయన భోజనం బ్రేకు, ఆమె పడుకోబోయే వేళ.

ఒక చిన్న సంగతి, చాలామంది ఇక్కడే తికమక పడతారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా యూఎస్ షిఫ్టు అంటే, ఇంటికి వచ్చేది మంగళవారం నుంచి శనివారం దాకా తెల్లవారుజామున. అంటే శనివారం ఆయనకి సగమే సెలవు, ఉదయమంతా నిద్రకే పోతుంది. మరోవైపు సోమవారం పగలంతా ఖాళీ, కానీ ఆమె బ్యాంకులో ఉంటుంది. రోజు పేరు చూసి కాకుండా గంట గంటగా గీస్తేనే ఇది కంటికి కనబడుతుంది.

వారానికి మూడుసార్లు చాలు, కానీ ఆ మూడూ తప్పకూడదు

సున్నా ఉన్నచోట టైము పుట్టించాలంటే దారులు రెండే. ఆయన డ్యూటీ నుంచి వచ్చాక పడుకోకుండా ఆమె బయల్దేరేదాకా కూర్చోవడం ఒకటి. ఆమె పెందలాడే పడుకుని, ఆయన వచ్చే వేళకి లేవడం రెండోది.

మొదటిది వినడానికి బాగుంటుంది. ఉదయం పాపని తయారుచేయడం, టిఫిను, అందరూ కలిసి ఉన్నట్టుంటుంది. కానీ ఆయన పడుకునేసరికి తొమ్మిదవుతుంది. అప్పటికి ఎండ వచ్చేస్తుంది, ఒళ్లు వేడెక్కుతుంది, శరీరంలోని గడియారం "ఇక లేవాలి" అంటుంటుంది. రాత్రంతా మేలుకున్నవాళ్లు ఎంత ఆలస్యంగా పడుకుంటే నిద్ర అంత పొట్టిదవుతుంది. తొమ్మిదింటికి పడుకున్నవాళ్లకి ఒంటిగంటకో, రెండింటికో దానంతటదే మెలకువ వచ్చేస్తుంది, అలసట మాత్రం తీరదు. పైగా ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంట్లో నిజంగా మాట్లాడుకునేది ఏముంటుంది? "సాక్సు ఎక్కడ, డైరీ మీద సంతకం పెట్టావా" తప్ప.

అందుకని నా ఓటు రెండోదానికి, అది కూడా ప్రతిరోజూ కాదు. వీళ్లు మంగళ, గురు, శనివారాలు పెట్టుకున్నారు. ఆ ముందురోజు రాత్రి ఆమె తొమ్మిదిన్నరకి పడుకుంటుంది, 4:50కి లేస్తుంది, అంటే ఏడు గంటల పైచిలుకు నిద్ర. ఆయన 4:15కి వచ్చి స్నానం చేసి కూర్చుంటాడు. 5:00 నుంచి 5:45 దాకా ఇద్దరూ కలిసి ఉంటారు. ఆరూ పావుకల్లా ఆయన పక్క ఎక్కితే ఒంటిగంట దాకా నిద్ర. ఆమె వంటింట్లోకి వెళ్తుంది. బుధ, శుక్రవారాలు ఎవరి నిద్ర వాళ్లది. ఆయన ఐదింటికే వచ్చి ఆమె పక్కన పడుకుంటాడు, ఒక గంట ఇద్దరూ ఒకే మంచం మీద నిద్రపోతారు. అదేం లెక్కలోకి రాదనుకోకండి. మంచాలు వేరైన ఇళ్లలో ముందు పోయేది అదే.

ఐదు రోజులూ ఎందుకు వద్దంటున్నానంటే, ఐదు పెట్టుకున్నవాళ్లు రెండో వారానికల్లా రెండు ఎగ్గొడతారు. ఎగ్గొట్టిన ప్రతిసారీ "నా కోసం లేవలేకపోయావు" అనో, "వచ్చి పడుకుండిపోయావు" అనో ఒక నిష్ఠూరం. మూడు పెట్టుకుని మూడూ నిలబెట్టుకుంటే ఆ మాటలు రావు.

తొమ్మిదిన్నరకి పడుకోవాలంటే వంట ఎప్పుడవ్వాలి అనేది అసలు ప్రశ్న. ఏడింటికి ఇల్లు చేరే మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ ఆయన వంతు మొదలవుతుంది. ఒంటిగంటకి లేచిన మనిషికి 5:30 దాకా నాలుగున్నర గంటలుంటాయి. కూర వండిపెట్టడం, మర్నాటి బాక్సుకి కూరగాయలు తరిగి డబ్బాలో పెట్టడం, పాప హోంవర్కు, ఈ మూడూ ఆయన చేసి వెళ్తేనే ఆమె అన్నం మాత్రం పెట్టుకుని ఎనిమిదింటికి భోజనం ముగించగలదు. ఆమె నిద్ర ముందుకి జరిగిందంటే ఆమె ఖర్చు పెడుతున్నట్టు. ఆ ఖర్చు ఆయన పగలు తీర్చాలి. అలా కాకపోతే నెల తిరక్కుండా ఆమెకి ఆ అలారం మీదే కోపం వస్తుంది.

ఆ నలభై ఐదు నిమిషాల్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు

తాగేవి వేరుగా ఉండాలి. ఆమెకి అది పొద్దు, ఫిల్టర్ కాఫీ తాగొచ్చు. ఆయనకి అది రాత్రి. కాఫీలోని కెఫీన్ సగం దిగడానికే ఐదారు గంటలు పడుతుంది, ఐదింటికి కాఫీ తాగి ఆరింటికి పడుకుంటే నిద్ర తేలిపోతుంది. ఆయనకి గోరువెచ్చని రాగిజావో, పల్చని మజ్జిగో చాలు. కడుపునిండా తింటే పడుకోగానే ఛాతీలో మంట.

ఎక్కడ కూర్చోవాలన్నది కూడా చూసుకోవాలి. వీళ్ల అత్తగారు ఐదింటికే లేచి దేవుడి దగ్గర దీపం పెడుతుంది, హాల్లో కూర్చుంటే మాట ముగ్గురిదైపోతుంది. మొదట్లో కొడుకు వచ్చిన అలికిడి వినగానే ఆవిడ పలకరించడానికి వచ్చి కూర్చునేది. వద్దని ఎలా చెబుతారు? చివరికి కొడుకే చెప్పాడు, "అమ్మా, దీనితో కాస్త మాట్లాడుకోవాలి, పొద్దునే తప్ప కుదరట్లేదు" అని. కోడలి నోట ఆ మాట వస్తే వేరేగా వినబడేది. ఎవరి తల్లికి వాళ్లే చెప్పుకోవడం మంచిది. ఇప్పుడు వాళ్లు బాల్కనీలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుంటారు. ఎండాకాలం మాత్రం వెలుగు పూర్తిగా పరుచుకునేలోపు లోపలికి వచ్చేయాలి. మే నెలలో హైదరాబాద్‌లో 5:40 ప్రాంతానికే సూర్యోదయం. పడుకోబోయే ముందు ఆ వెలుగు కళ్లలో పడితే శరీరం తెల్లారిందనుకుంటుంది, ఆయన నిద్ర వెనక్కి పోతుంది.

ఇక ముఖ్యమైనది. కలిసి కూర్చున్నాక మొదట నోట్లోంచి వచ్చేది ఏమిటో గమనించండి. "గ్యాస్ బుక్ చేశావా?" "పాప వ్యాన్ ఫీజు కట్టావా?" "మెయింటెనెన్స్ వాళ్లు అడుగుతున్నారు." "అమ్మ బీపీ మాత్రలు అయిపోయాయి." నలభై ఐదు నిమిషాలూ అలాగే అయిపోతాయి. ఒకరితో ఒకరు కాపురం చేస్తున్నట్టుండదు, ఒకే ఫ్లాట్ అద్దెని పంచుకుంటున్నట్టుంటుంది. రూమ్‌మేట్లలా అయిపోయామని చెప్పే జంటల్లో చాలామంది అసలు మాట్లాడుకోవడం మానేసినవాళ్లు కాదు. మాట్లాడుకునేదంతా ఇంటి లెక్కలే అయినవాళ్లు.

అందుకే ఆ లెక్కలకి వేరే చోటు ఉండాలి. ఆసుపత్రిలో నర్సులు డ్యూటీ మారేటప్పుడు రిజిస్టర్‌లో రాసి అప్పగిస్తారు కదా, అలాంటి పుస్తకం ఒకటి ఫ్రిజ్ మీద పెట్టండి. పెన్ను దారంతో కట్టేయండి, లేకపోతే పాప పట్టుకుపోతుంది. బయటికి వెళ్లేవాళ్లు రాసి వెళ్తారు, వచ్చినవాళ్లు చూసి టిక్కు పెడతారు. వీళ్ల పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "పాపకి కాస్త దగ్గు, సిరప్ 7కి వేశాను, మళ్లీ మధ్యాహ్నం. పాలవాడికి గురువారం దాకా ఇచ్చా. కరెంటు బిల్లు నువ్వు. గురువారం పేరెంట్స్ మీటింగ్ 11కి, నువ్వెళ్లగలవా?" దాని కింద ఆయన రాత: "దగ్గు తగ్గింది. బిల్లు కట్టా. మీటింగ్‌కి వెళ్తా, కానీ తొందరగా లేవాలి, గురువారం పొద్దున కూర్చోవడం వద్దు, శుక్రవారం ఫోన్ చేస్తా."

వాట్సాప్‌లో రాసుకోవచ్చు కదా అంటే, రాసుకోవచ్చు. కానీ నా అనుభవంలో వాట్సాప్‌లో ఇంటి లెక్కలూ, ప్రేమగా పంపినవీ, అలిగినవీ అన్నీ ఒకే వరసలో కలిసిపోతాయి. ఫోన్ తీయగానే ఆమె పేరు కనబడితే "ఏం పని చెబుతుందో" అనిపించడం మొదలవుతుంది. ఫోనే కావాలంటే ఇద్దరే ఉన్న వేరే గ్రూపు ఒకటి చేసి దానికి "ఇంటిపని" అని పేరు పెట్టండి. మామూలు చాట్‌లో ఇంటి లెక్కలు రాకూడదు.

మరి ఆ నలభై ఐదు నిమిషాల్లో ఏం మాట్లాడుకోవాలి? దానికి నా దగ్గర జాబితా లేదు. ఆఫీసులో ఎవరేమన్నారు, మెట్రోలో ఎవరు కనిపించారు, ఏం తినాలనిపిస్తోంది, ఏదైనా. కొన్ని రోజులు ఏమీ మాట్లాడకుండా కూర్చుంటారు. ఫరవాలేదు, కాకపోతే ఫోన్లు లోపల ఉండాలి.

మూడో రకం టైము, అంటే రాత్రి తొమ్మిదిన్నర, మిగతా రెండు రోజులకి పనికొస్తుంది. ఆయన భోజనం బ్రేకులో పది నిమిషాలు ఫోన్. క్యాంటీన్ గోలలో మాట్లాడలేకపోతే వాయిస్ మెసేజ్ పెట్టొచ్చు, ఆమె మర్నాడు మెట్రోలో వింటుంది. ఆమె మెట్రోలోంచి చెప్పింది ఆయన లేచాక వింటాడు. రాసిన నాలుగు ముక్కలకన్నా గొంతు వినబడటం మేలు, అలిసిపోయారా, విసుగ్గా ఉన్నారా అన్నది అందులో తెలిసిపోతుంది.

పడుకున్నవాళ్ల నిద్ర కాపాడాలి, అయితే లేచినవాళ్లు దొంగల్లా తిరగకూడదు

రాత్రి షిఫ్టు ఉన్న ఇళ్లలో చాలా గొడవలు మాటలతో మొదలవ్వవు, బీరువా తలుపుతో మొదలవుతాయి. ఆమె చీర తీసుకోవాలి, బీరువా తలుపు కిర్రుమంటుంది, ఆయన అటు తిరిగి దిండు చెవుల మీద పెట్టుకుంటాడు. ఆయన ఏమీ అనడు. ఆమెకి మాత్రం సొంత ఇంట్లో కాలి వేళ్ల మీద నడుస్తున్నట్టుంటుంది. ఇదే రోజూ జరిగితే ఇద్దరిలోనూ కసి పేరుకుంటుంది.

దీనికి మాటలకన్నా సామాను సర్దడం పనిచేస్తుంది. ఆమె ఆ వారం వేసుకునే బట్టలు, హ్యాండ్‌బ్యాగు, మెట్రో కార్డు, దువ్వెన, బొట్టుబిళ్లలు, ఛార్జర్ అన్నీ ఆదివారమే హాల్లోకో, పాప గదిలోకో మారిపోవాలి. ఉదయం ఆమెకి పడకగదిలోకి వెళ్లే పని ఉండకూడదు. మిక్సీ పని ముందురోజు సాయంత్రమే అయిపోవాలి, చట్నీ రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సరి. కుక్కర్ వంటింటి తలుపు వేసి పెట్టుకోవచ్చు. కిటికీలకి లోపలివైపు ముదురు రంగు మందపాటి పరదా. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, భార్య నంబరూ స్కూలు నంబరూ మాత్రం మోగేలా సెట్ చేయడం.

కాలింగ్ బెల్లు పెద్ద శత్రువు. కొరియర్, పాలు, చెత్తబండి, పక్కింటివాళ్లు, ఒకరి తర్వాత ఒకరు. పగలు బెల్లు స్విచ్ ఆపేయండి, డెలివరీలు వాచ్‌మన్ దగ్గర పెట్టమనండి. బంధువులకి కూడా ఎవరైనా ఒకసారి విడమరిచి చెప్పాలి. "పదకొండైనా లేవలేదా మీ ఆయన?" అని పెద్దత్త ఫోన్‌లో నవ్వితే, అది ఆమెకే ఎక్కువ గుచ్చుకుంటుంది. "తెల్లవారుజామున వచ్చారత్తయ్యా, మీకు రాత్రి రెండింటికి ఎవరైనా ఫోన్ చేస్తే ఎలా ఉంటుందో ఆయనకి ఇది అంతే" అని ఒకసారి అంటే చాలు.

అయితే ఆయన నిద్ర ఆ గది తలుపు దగ్గర ఆగిపోవాలి, ఇల్లంతా పరుచుకోకూడదు. పాప ఆడుకోకూడదు, టీవీ పెట్టకూడదు, ఎవరూ రాకూడదు అంటే ఆ ఇల్లు ఎవరూ ఉండలేని ఇల్లవుతుంది. చెవుల్లో పెట్టుకునే మెత్తటి ప్లగ్గులు మందుల షాపులో దొరుకుతాయి, ఆయన అవి వాడటం పాపని నోరు మూసుకోమనడం కన్నా తేలిక.

కోపాలకి టైము

తెల్లవారుజామున 4:30కి ఎవరితోనూ తీవ్రమైన మాట పెట్టుకోకండి. ఆయన రాత్రంతా తెలియనివాళ్ల ఫిర్యాదులు విని వచ్చాడు, ఆమె కళ్లు ఇంకా మూతపడుతున్నాయి. నిద్ర లేచిన మొదటి అరగంట కూడా అంతే, బుర్ర పూర్తిగా తెరుచుకోదు, విన్నది వంకరగా వినబడుతుంది. ఆయన డ్యూటీలో ఉండగా రాత్రి పదకొండింటికి "నీతో మాట్లాడాలి" అని ఒక ముక్క పంపి ఫోన్ పక్కన పెట్టడమైతే అన్నిటికన్నా చెడ్డది. ఆయన తెల్లవారేదాకా దాన్నే తిప్పి తిప్పి ఆలోచిస్తాడు, ఇంటికి వచ్చేసరికి జవాబులు తయారుచేసుకుని ఉంటాడు. ఆమె అప్పటికి మర్చిపోయి పడుకుని ఉంటుంది.

వీళ్లు చేసుకున్న ఏర్పాటు నాకు నచ్చింది. బాధ కలిగిన విషయం ఏదైనా ఉంటే ఆ రోజే చెప్పాలి, కానీ తేల్చుకోవడం ఆదివారం. "మీ అన్నయ్యకి డబ్బిచ్చిన సంగతి నాకు నచ్చలేదు, ఆదివారం కూర్చుందాం" అని విషయం పేరు పెట్టి చెబుతారు. ఊరికే "మాట్లాడాలి" అనరు. ఆదివారం పదకొండున్నరకి, ఆయన లేచి స్నానం, టిఫిను అయ్యాక, పాపని నానమ్మతో కిందకి పంపి కూర్చుంటారు. ఆదివారం దాకా ఆగితే సగం విషయాలు వాటంతటవే చల్లారతాయి. చల్లారనివి నిజంగా తేల్చుకోవాల్సినవే. ఒంట్లో బాగాలేకపోవడం, పాప సంగతి, డబ్బు గడువు దాటిపోవడం లాంటివి మాత్రం ఆదివారం దాకా ఆపకూడదని ముందే అనుకున్నారు.

సెలవు రోజుల్లో నిద్ర, దగ్గరితనం

శని, ఆదివారాల్లో అందరిలాగా రాత్రి పదింటికి పడుకుని ఆరింటికి లేవాలని ఆయన ప్రయత్నిస్తే, రెండు రోజుల్లో శరీరం మారదు, సోమవారం రాత్రి డ్యూటీలో తూలతాడు. అలాగని పనిరోజుల్లా పగలంతా పడుకుంటే సెలవే ఉండదు. మధ్యస్థంగా, రాత్రి రెండున్నర మూడింటికి పడుకుని పదింటికి లేవడం మేలు. అప్పుడు వారం మొత్తంలో ఉదయం ఆరూ పావు నుంచి పది దాకా ప్రతిరోజూ ఆయన నిద్రలోనే ఉంటాడు. రోజూ ఒకేవేళకి పడే ఆ దాదాపు నాలుగు గంటలు శరీరానికి ఒక గుంజలాగా పనిచేస్తాయి. దీని ఖరీదు, సోమవారం ఉదయం ఆమె బయల్దేరే వేళకి ఆయన నిద్రలో ఉండటం. దానికి ఏం చేయలేం.

దీనివల్ల శనివారం రాత్రి వీళ్లకి పెద్దదైంది. పాప తొమ్మిదిన్నరకి పడుకుంటే పన్నెండు దాకా ఇద్దరిదే. ఆమెకి రెండో, నాలుగో శనివారం బ్యాంకు సెలవు కాబట్టి ఆ రెండు వారాలు శనివారం మధ్యాహ్నం కూడా కలుస్తుంది. దాంపత్యం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎవరూ మాట్లాడరు కాబట్టి. అది రాత్రి పడుకోబోయే ముందే జరగాలన్న అలవాటు మీకుంటే, ఎదురెదురు షిఫ్టుల్లో నెలలు గడిచిపోతాయి, ఎందుకంటే మీ రాత్రి ఆమెది కాదు, ఆమె రాత్రి మీది కాదు. ఇద్దరికీ నిద్ర తీరిన వేళ చూసుకోవాలి. అది మధ్యాహ్నం మూడైతే మధ్యాహ్నం మూడే. ముందే అనుకుని పెట్టుకోవడం మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది, రెండుమూడు వారాల్లో పోతుంది. కుదరని రోజున కాసేపు పక్కన పడుకోండి చాలు, దాన్ని పరీక్షలా చేసుకోవద్దు.

సెలవు రెండు రోజులూ సూపర్‌మార్కెట్, బట్టలు ఉతకడం, చుట్టాల ఫంక్షన్లకే పోకుండా శనివారం సాయంత్రం ఒక్కటి గీత గీసి పెట్టుకోండి. ఎవరి పెళ్లైనా సరే అనను, కానీ ఎవరి పుట్టినరోజైనా సరే అంటాను.

మార్చి, నవంబరు: గడియారం మారే రోజులు

యూఎస్ షిఫ్టువాళ్లు ఇది మర్చిపోతే అల్లుకున్నదంతా ఒక వారంలో విడిపోతుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. 2026లో అవి మార్చి 8, నవంబరు 1. మనకి మారదు. అంటే న్యూయార్క్ టైముతో నడిచే 6:30 షిఫ్టు నవంబరు నుంచి 7:30కి మారి తెల్లవారుజామున 4:30కి ముగుస్తుంది. ఆయన ఇల్లు చేరేసరికి 5:15.

ఆ నాలుగు నెలలకి వేరే కాగితం గీయాలి. వీళ్లకి పొద్దుటి కూర్చోవడం 5:30 నుంచి 6:15కి జరుగుతుంది. ఆమెకి తేలిక, పదింటికి పడుకుని 5:20కి లేవచ్చు. చలికాలం పొద్దు ఆలస్యం కాబట్టి ఆయనకి వెలుగు బాధా తక్కువే. అయితే బాక్సు కట్టే టైము మీద పడుతుంది, ముందురోజే చపాతీ పిండి కలిపి పెట్టుకోవాలి. ఇంకో లాభం, ఆయన క్యాబ్ 6:30కి వస్తుంది. ఆమె నాంపల్లిలో నలభై నిమిషాలు ముందు బయటపడగలిగిన రోజున కిందనే గేటు దగ్గర పది నిమిషాలు దొరుకుతాయి.

సెలవుల క్యాలెండరు కూడా జనవరిలోనే పక్కపక్కన పెట్టి చూడండి. ఆయనకి మన పండగలు చాలావరకు పనిరోజులే, ఆమెకి అమెరికా సెలవులు పనిరోజులు. మే చివరి సోమవారం, సెప్టెంబరు మొదటి సోమవారం అమెరికాలో సెలవు. ఆయన కంపెనీ అవి ఇస్తే, ఆ సోమవారం రాత్రి ఆమె ఏడింటికి ఇంటికొచ్చేసరికి ఆయన ఇంట్లో ఉంటాడు. అలాంటి రాత్రి ఏడాదికి ఎన్నోసార్లు రాదు. నవంబరు నాలుగో గురువారం కూడా అంతే, ఆయనకి మర్నాడు కూడా సెలవై, ఆమె శుక్రవారం ఒక్కరోజు సెలవు పెట్టగలిగితే ఊరెళ్లి రావచ్చు. సంక్రాంతికి, దసరాకి సెలవు టీమ్‌లో తెలుగువాళ్లందరూ అడుగుతారు. ముందు అడిగినవాళ్లకే దొరుకుతుంది.

షిఫ్టులు తిరిగేవాళ్లది, అంటే నర్సులు, విశాఖ స్టీలు ప్లాంటులోనో సింగరేణిలోనో మూడు షిఫ్టుల్లో చేసేవాళ్లది ఇంకో రకం ఇబ్బంది. వాళ్లకి ఒకే కాగితం కుదరదు. రోస్టర్ చేతికి వచ్చిన రోజునే ఇద్దరూ కూర్చుని వచ్చే నెలంతా గీసి, కలిసే గళ్లు చుట్టేసి, ఏ వారంలోనైతే ఒక్కటీ లేదో ఆ వారంలో ఒక డ్యూటీ ఎవరితోనైనా మార్చుకోవాలి. ఆ వారం మొదలయ్యాక అడిగితే ఎవరూ మార్చరు.

ఇది పనిచేయట్లేదని ఎలా తెలుస్తుంది

మీ ఆయన ప్రమోషన్ సంగతి మీకు అత్తగారి ద్వారా తెలిసిందా? ఆమె ఆఫీసులో గొడవ గురించి మీరు ఆమె వాట్సాప్ స్టేటస్ చూసి ఊహించారా? మంచి కబురైనా చెడ్డ కబురైనా ముందు ఎవరికి చెబుతున్నారో చూసుకోండి. వరసగా రెండు మూడు వారాలు మీరిద్దరూ ఒకరికొకరు రెండో మనుషులైపోతే, పెట్టుకున్న టైము చాలట్లేదు, లేదా ఆ టైములోకి మళ్లీ గ్యాస్ సిలిండరు వచ్చి కూర్చుంది.

రెండో గుర్తు నిద్ర. ఇద్దరిలో ఎవరికైనా రోజుకి ఆరు గంటలు దాటకపోయినా, ఆయన బండి మీద కునికిపాట్లు పడుతున్నా, పొద్దుటి కూర్చోవడం వెంటనే వారానికి రెండుకి తగ్గించండి. నిద్రలేని మనిషితో గడిపిన టైము పోట్లాటకే పోతుంది.

కొన్నిసార్లు ఏర్పాట్లతో సరిపోదు, షిఫ్టే మారాలి. చంటిపిల్ల ఉన్న ఇంట్లో ముఖ్యంగా. అమెరికా సామాజిక శాస్త్రవేత్త హారియట్ ప్రెసర్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలుండి పెళ్లయి ఐదేళ్లు నిండని జంటల్లో భర్తది రాత్రి షిఫ్టు అయితే విడిపోయే ప్రమాదం బాగా పెరిగినట్టు తేలింది. సాయంత్రం షిఫ్టులో అది కనబడలేదు. మన దగ్గర దీనికి అందుబాటులో ఉన్న మార్పు యూకే షిఫ్టు. అక్కడి తొమ్మిది నుంచి ఆరు అంటే మనకి ఎండాకాలం మధ్యాహ్నం 1:30 నుంచి రాత్రి 10:30, చలికాలం 2:30 నుంచి 11:30. ఆయన అర్ధరాత్రి లోపో, కాస్త అటూ ఇటుగానో ఇంట్లో ఉంటాడు, రాత్రి నిద్ర ఇద్దరిదీ ఒకటే అవుతుంది, పొద్దున ఏడు నుంచి ఆమె బయల్దేరేదాకా కలిసి ఉంటారు. నైట్ అలవెన్సు తగ్గుతుంది. ఆ తగ్గేది నెలకి ఎంతో ముందే లెక్కేసుకుని, ఏ ఖర్చు మానేస్తే సరిపోతుందో ఇద్దరూ అనుకున్నాకే మేనేజర్‌ని అడగండి. అడిగేటప్పుడు "ఇంట్లో ఇబ్బందిగా ఉంది" అని ఊరుకోకుండా, ఏ ప్రాజెక్టుకి, ఏ నెల నుంచి మారదలుచుకున్నారో రాసి మెయిల్ పెట్టండి. కొత్త టీమ్‌కి మనుషుల్ని తీసుకుంటున్నప్పుడు అలాంటి మెయిల్ ఉన్నవాళ్ల పేరు ముందు గుర్తొస్తుంది.